కాగితం మీది విల్లా, కొలత తప్పని రెండర్

చేత్తో గీసిన విల్లా బొమ్మను ఫొటోలా కనిపించే రెండర్‌గా మార్చేటప్పుడు రెండు రకాల నిష్పత్తులు ఎదురవుతాయి. కాగితం మీది గీతల పొడవుల మధ్య ఉండేది ఒకటి. ఆ గీతలు చూపిస్తున్న ఇంటి పొడవు, ఎత్తు, లోతుల మధ్య ఉండేది మరొకటి. ఇంటికి నేరుగా ఎదురుగా నిలబడి చూసినట్టు గీసిన ఎలివేషన్‌లో ఈ రెండూ ఒకటే. మూలకు ఎదురుగా నిలబడి, రెండు గోడలూ కనిపించేలా గీసిన బొమ్మలో మాత్రం దూరం వెళ్లేకొద్దీ గీతలు కురచవుతాయి కాబట్టి రెండూ వేరవుతాయి. ఇళ్ల యజమానులకు చూపించే స్కెచ్‌లలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. వాటిని రెండర్ చేయడమంటే గీతల మీద రంగులు, నీడలు వేయడం కాదు. గీతల వెనకున్న ఇంటిని ముందు చదవాలి, తర్వాత ఆ ఇంటిని అదే చోటు నుంచి మళ్లీ చూడాలి. కొలతలు తప్పిన రెండర్లలో చాలావాటికి కారణం ఈ మొదటి పని వదిలేయడమే.

ఈ పని ఎలా జరుగుతుందో ఒక నమూనా ఇంటితో చూడవచ్చు. స్థలం 267 గజాలు, అంటే 40 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు. తూర్పు ముఖం. పక్కలకు అయిదేసి అడుగులు, ముందూ వెనకా పదేసి అడుగులు వదిలితే ఇంటి ముందు గోడ 30 అడుగులు, పక్క గోడ 40 అడుగులు వస్తుంది. కింద ఒక అంతస్తు, పైన ఒకటి, ఆపైన పిట్టగోడ. డిజైనర్ దీన్ని ఏ4 కాగితం మీద అడ్డంగా, పెన్సిల్‌తో గీశాడనుకుందాం. దగ్గరి మూల కాగితం మధ్యకు కాస్త ఎడమగా ఉంది. ముందు గోడ కుడివైపు, పక్క గోడ ఎడమవైపు వెనక్కి పోతున్నాయి.

మొదటి జాగ్రత్త కాగితాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే దగ్గరే ఉంది. ఫోన్‌ను కాస్త వంచి ఫొటో తీస్తే కాగితమే ఒక పర్‌స్పెక్టివ్‌లో పడుతుంది, ఇంటి పర్‌స్పెక్టివ్ మీద మరొకటి ఎక్కుతుంది. ఆ తర్వాత ఏ గీత ఎందుకు వాలిందో విడదీయడం కష్టం. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద స్కాన్ చేస్తే ఈ గొడవే ఉండదు. 300 డీపీఐతో చేసిన ఏ4 స్కాన్ 3508 పిక్సెళ్ల వెడల్పు, 2480 పిక్సెళ్ల ఎత్తు వస్తుంది. ఫోనే దిక్కయితే కాగితం నాలుగు మూలలూ ఫ్రేములో ఉండేలా, నిట్టనిలువుగా పైనుంచి, కాస్త దూరం నుంచి జూమ్ చేసి తీయాలి. సరిచేశాక వెడల్పును ఎత్తుతో భాగిస్తే 1.414 రావాలి. డాక్యుమెంట్ స్కాన్ చేసే యాప్‌లు కొన్నిసార్లు మూలల్ని తప్పుగా పట్టుకుని బొమ్మను అడ్డంగానో నిలువుగానో సాగదీస్తాయి. ఈ ఒక్క భాగహారంతో అది బయటపడుతుంది.

తర్వాతి పని స్కెచ్‌లోని కెమెరాను వెతకడం. బొమ్మ గీసిన మనిషికి కెమెరా లేకపోయినా, ఒకచోట నిలబడి చూస్తున్నట్టు ఊహించుకునే గీశాడు. ఆ చోటును గీతలే చెబుతాయి. ముందు గోడలో నిజానికి నేలకు సమాంతరంగా ఉండే గీతలు, అంటే పిట్టగోడ పైఅంచు, స్లాబ్ అంచు, నేలను తాకే గీత, కుడివైపు పొడిగిస్తే ఒక బిందువు దగ్గర కలుస్తాయి. పక్క గోడ గీతలు ఎడమవైపు మరో బిందువు దగ్గర కలుస్తాయి. వీటినే వానిషింగ్ పాయింట్లు అంటారు. ఈ రెండిటినీ కలిపే అడ్డగీత చూసే మనిషి కంటి మట్టం. వీలైనంత పొడవైన గీతలనే పొడిగించాలి. కిటికీ అంచులాంటి పొట్టి గీతలో పెన్సిల్ కాస్త తొణికినా కలిసే బిందువు ఎక్కడికో జరిగిపోతుంది. బిందువులు చాలాసార్లు కాగితం బయట పడతాయి కాబట్టి స్కెచ్‌ను పెద్ద షీటు మీద అతికించో, తెర మీద చుట్టూ ఖాళీ వదిలో ఈ పని చేయాలి.

నమూనా స్కెచ్‌లో ఎడమ బిందువు కాగితం మధ్య నుంచి 160 మిల్లీమీటర్లు, కుడి బిందువు 360 మిల్లీమీటర్ల దూరంలో పడ్డాయి. ఇల్లు చతురస్రపు మూలలతో, అంటే గోడలు 90 డిగ్రీల్లో ఉన్నప్పుడు, ఈ రెండు దూరాలను గుణించి వర్గమూలం తీస్తే కన్ను కాగితానికి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. 160ని 360తో గుణిస్తే 57,600. దాని వర్గమూలం 240 మిల్లీమీటర్లు. 36 మిల్లీమీటర్ల వెడల్పు ఫ్రేము ఉండే కెమెరా భాషలో ఇది 29 మిల్లీమీటర్ల లెన్స్‌కు సమానం. ఎక్కువ ఫోన్ల ప్రధాన కెమెరాలు ఇంతకంటే కాస్త వెడల్పుగానే చూస్తాయి, అంటే ఇది సహజమైన చూపే. ఈ లెక్కకు ఒక షరతు ఉంది: గీసిన మనిషి కాగితం మధ్యకు చూస్తూ గీసి ఉండాలి, తర్వాత ఎవరూ దాన్ని ఒకవైపు కత్తిరించి ఉండకూడదు. స్కెచ్‌ను అందంగా కనిపించడానికి క్రాప్ చేసి పంపితే ఈ మధ్యబిందువు పోతుంది. అందుకే కాగితం మొత్తాన్ని, ఖాళీ అంచులతో సహా స్కాన్ చేయించుకోవాలి.

కెమెరా దొరికినా స్కెచ్‌కు ఇంకా కొలత లేదు. ఆ గీతలు నిజమైన ఇంటివీ కావచ్చు, అగ్గిపెట్టెవీ కావచ్చు. తెలిసిన కొలత ఒక్కటి చాలు, మిగతావన్నీ దాన్నుంచి వస్తాయి. ప్లాన్ ఉంటే ముందు గోడ 30 అడుగులన్నది ఆ కొలత. ప్లాన్ లేకపోతే కంటి మట్టమే కొలబద్ద అవుతుంది. రోడ్డు మీద నిలబడ్డ మనిషి కన్ను నేలకు సుమారు 5 అడుగుల 3 అంగుళాల ఎత్తులో ఉంటుంది. నేల చదునుగా ఉంటే ఏ నిలువు గీత తీసుకున్నా నేల నుంచి కంటి మట్టం గీత దాకా ఉన్న ముక్క అంతే ఎత్తు, అది దగ్గరున్నా దూరమున్నా. ఇటలీలో ఆల్బెర్టి 1435 ప్రాంతంలో చిత్రకళ మీద రాసిన గ్రంథంలోనే మనిషి ఎత్తును కొలబద్దగా పెట్టుకుని చిత్రాన్ని కట్టే పద్ధతి చెప్పాడు. నమూనా స్కెచ్‌లో దగ్గరి మూల నేల నుంచి పిట్టగోడ దాకా 106 మిల్లీమీటర్లు, అందులో కంటి మట్టం కింద ఉన్నది 21 మిల్లీమీటర్లు. అంటే ఆ మూల దగ్గర 4 మిల్లీమీటర్లు ఒక అడుగు. ఇల్లు ఇరవై ఆరున్నర అడుగుల ఎత్తు. విడదీస్తే, మేస్త్రీలు బేస్‌మెంట్ అనే నేల ఎత్తు 2 అడుగులు, రెండు అంతస్తులు పదిన్నర అడుగుల చొప్పున, పిట్టగోడ మూడున్నర అడుగులు. లెక్క సరిపోయింది. కన్ను 240 మిల్లీమీటర్ల దూరంలో ఉంది కనుక చూసే మనిషి ఆ మూలకు 60 అడుగుల దూరంలో, రోడ్డుకు అవతలి అంచు దగ్గర నిలబడ్డాడన్నమాట. ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీకి మాత్రం ఈ పద్ధతి నేరుగా పనికిరాదు. అది నేలను తాకదు కాబట్టి దాని అంచు నుంచి నేల దాకా ఒక గీత ఊహించి దింపాలి, లేదా దాన్ని మోసే స్తంభాన్ని కొలవాలి.

ఇక్కడినుంచి స్కెచ్ తప్పులు కూడా బయటపడతాయి. ముందు గోడ కుడి చివరి మూల దగ్గర నేల నుంచి కంటి మట్టం దాకా పదహారున్నర మిల్లీమీటర్లు వచ్చింది. అదే నిష్పత్తిలో ఆ మూల మొత్తం 83 మిల్లీమీటర్లు ఉండాలి. స్కెచ్‌లో 88 ఉంది. అంటే బొమ్మ ప్రకారం ఇల్లు ఆ చివర 28 అడుగులు, ఈ చివర ఇరవై ఆరున్నర. పిట్టగోడ అడుగున్నర పైకి ఎక్కిపోయింది. చేతిగీతలో ఇలాంటిది సర్వసాధారణం, మణికట్టు దూరం పోయేకొద్దీ గీత పైకి లేస్తుంది. కానీ అదే చోట డిజైనర్ మెట్ల గది హెడ్‌రూమ్‌ను గానీ ఎత్తు పెంచిన గోడను గానీ చూపించి ఉండవచ్చు. గీత మొత్తం పొడవునా నెమ్మదిగా ఎక్కితే అది చెయ్యి చేసిన తప్పు. ఒకచోట మెట్టులా ఎగబాకితే అది ఉద్దేశం. ఈ తేడా చూడకుండా అన్నిటినీ తిన్నగా చేస్తే డిజైన్ పోతుంది. అన్నిటినీ ఉన్నట్టే ఉంచితే వాలిన ఇల్లు వస్తుంది.

మధ్యభాగాల దగ్గర మరో పొరపాటు జరుగుతుంది. సింహద్వారం ముందు గోడకు సరిగ్గా మధ్యలో ఉండాలనుకుని, చాలామంది కాగితం మీది గీతను రెండు సమభాగాలు చేసి అక్కడ గీస్తారు. నమూనా స్కెచ్‌లో ముందు గోడ కాగితం మీద సుమారు 82 మిల్లీమీటర్ల వెడల్పు. దాని మధ్య 41 మిల్లీమీటర్ల దగ్గర గీసిన గుమ్మం నిజమైన ఇంట్లో దగ్గరి మూల నుంచి 13 అడుగుల దగ్గర పడుతుంది, 15 దగ్గర కాదు. గోడ దీర్ఘచతురస్రానికి రెండు కర్ణాలు గీసి అవి ఖండించుకునే చోటు చూస్తే అసలు మధ్య తెలుస్తుంది. ఇక్కడ అది 46 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. 5 మిల్లీమీటర్ల తేడా కాగితం మీద కంటికి ఆనదు, కానీ ఇంట్లో అది దాదాపు 2 అడుగులు. వాస్తు ప్రకారం ద్వారం ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకున్న యజమానికి ఈ 2 అడుగులు చిన్న విషయం కాదు. అందుకని ద్వారం స్థానం ప్లాన్‌లో ఉంటే ప్లాన్‌నే నమ్మాలి. లేకపోతే అడగాలి.

ఇంత చదివాక ఇంటిని కంప్యూటర్‌లో కట్టడం తేలిక. స్కెచ్‌అప్‌లో Match Photo అనే సౌకర్యం ఉంది. అందులో స్కాన్‌ను వెనక పెట్టి, రెండు దిశల గీతల మీద పట్టీలు జరుపుతూ పోతే సాఫ్ట్‌వేరే కెమెరాను లెక్కిస్తుంది. బ్లెండర్ వాడేవారికి fSpy అనే ఉచిత ప్రోగ్రాం ఇదే పని చేసి కెమెరాను బ్లెండర్‌లోకి పంపుతుంది. సాఫ్ట్‌వేర్ చూపించే లెన్స్ 29కి దగ్గరగా వస్తే చేతి లెక్క సరైనదే. 18 వస్తేనో 60 వస్తేనో ఏదో గీత తప్పు పట్టారన్నమాట. తర్వాత 30 అడుగులు, 40 అడుగులు, ఇరవై ఆరున్నర అడుగుల పెట్టె ఒక్కటే పెట్టి స్కెచ్ మీద కూర్చుందో లేదో చూడాలి. పెట్టె కూర్చున్నాకే స్లాబ్, బాల్కనీ, సజ్జలు, కిటికీలు, ఆ వరసలోనే. చిన్నవాటితో మొదలుపెడితే వాటి కోసం పెద్ద కొలతల్ని సర్దవలసి వస్తుంది.

కొన్ని స్కెచ్‌లలో రెండు వానిషింగ్ పాయింట్లూ కాగితం లోపలే ఉంటాయి. అంచుల దగ్గర, మధ్య నుంచి చెరో 148 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుంటే లెన్స్ 18 మిల్లీమీటర్లవుతుంది. దగ్గరి మూల పడవ ముక్కులా ముందుకు దూసుకొస్తుంది, గోడలు గబగబా కురచవుతాయి. యజమానికి నచ్చింది ఆ దూకుడే కావచ్చు. అప్పుడు ముందు అదే కెమెరాతో ఇంటిని కట్టుకుని అసలు కొలతలు తీసుకోవాలి. తర్వాత వెనక్కి జరిగి 28, 35 మిల్లీమీటర్ల లెన్స్‌తో మరో రెండర్ కూడా ఇవ్వాలి. రెండూ ఒకే ఇల్లు. మొదటిది స్కెచ్‌లా కనిపిస్తుంది, రెండోది ఇల్లు కట్టాక కనిపించేలా ఉంటుంది. ఒక్క మొదటిదే ఇస్తే గృహప్రవేశం నాడు ఇల్లు పొట్టిగా అనిపిస్తుంది.

గోడలకు సామగ్రి అద్దేటప్పుడు నిష్పత్తి మళ్లీ ప్రమాదంలో పడుతుంది. ఇంటి పెద్దతనాన్ని కన్ను తనకు తెలిసిన చిన్న వస్తువులతో అంచనా వేస్తుంది: ఇటుక, మెట్టు, తలుపు, రెయిలింగ్. 3 అంగుళాల ఇటుక, అర అంగుళం సిమెంటు పట్టీ లెక్కన పదిన్నర అడుగుల అంతస్తులో 36 వరసలు రావాలి. రెండర్‌లో 20 వరసలే కనిపిస్తే ఇల్లు బొమ్మరిల్లులా, 60 కనిపిస్తే హోటల్‌లా అనిపిస్తుంది, గోడ కొలత ఏమాత్రం మారకపోయినా. 2 అడుగుల బేస్‌మెంట్‌కు 6 అంగుళాల మెట్లు నాలుగే. వీటిని లెక్కపెట్టడానికి నిమిషం పట్టదు.

వెలుగు కూడా కొలత చెబుతుంది. గోడకు ఎదురుగా 45 డిగ్రీల ఎత్తు నుంచి ఎండ పడితే 2 అడుగుల సజ్జ కింద నీడ 2 అడుగులే ఉంటుంది. స్కెచ్‌లో డిజైనర్ కిటికీ సగం దాకా నీడ గీసి ఉంటే సజ్జ ఎంత బయటికి రావాలనుకున్నాడో దాన్నుంచి ఊహించవచ్చు. నమూనా ఇల్లు హైదరాబాద్‌లో ఉంటే, తూర్పు గోడతో పాటు ఎడమవైపు కనిపిస్తున్నది దక్షిణపు గోడ. డిసెంబరు ఉదయం సూర్యుడు ఆగ్నేయం నుంచి వస్తాడు కాబట్టి రెండు గోడలూ వెలుగులో ఉంటాయి. జూన్ ఉదయం ఈశాన్యం వైపు నుంచి వస్తాడు కనుక దక్షిణపు గోడ నీడలో పడి మూల స్పష్టంగా తేలుతుంది. ఇల్లు ఎంత లోతుగా ఉందో చూపించడానికి రెండోదే మేలు.

ఇదంతా చేయకుండా స్కెచ్‌ను నేరుగా ఏఐ ఇమేజ్ మోడల్‌కు ఇచ్చే పద్ధతి ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. 2022లో స్టేబుల్ డిఫ్యూజన్ విడుదలయ్యాక, గీతల్ని పట్టుకుని వాటి మీదే బొమ్మ కట్టించేలా కంట్రోల్‌నెట్ అనే జోడింపును స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో తెచ్చారు. క్షణాల్లో రాళ్లు, అద్దాలు, చెట్లు, ఆకాశం అన్నీ వచ్చేస్తాయి. కానీ ఈ మోడల్ దేన్నీ కొలవదు. ఇలాంటి గీతలున్న ఫొటోలు సాధారణంగా ఎలా ఉంటాయో అలా గీస్తుంది. అందుకే తప్పులు కూడా ఒకే తీరులో వస్తాయి: గోడకట్టుతో ఉన్న పిట్టగోడ అద్దాల రెయిలింగ్ అవుతుంది, కిటికీలు వెడల్పవుతాయి, నాలుగు మెట్లు ఏడవుతాయి, సజ్జలు మందమవుతాయి.

ఈ దారిలో నిష్పత్తి కాపాడుకోవాలంటే మొదట చూడవలసింది బొమ్మ సైజు. ఏ4 స్కెచ్‌ను 1024 బై 1024 చతురస్రంలో Just Resize ఎంపికతో పెడితే వెడల్పు నొక్కుకుపోయి ఇల్లు నాలుగు పదుల శాతం పొడుగ్గా కనిపిస్తుంది. 1216 బై 864 పెడితే కాగితం ఆకారం దాదాపు చెక్కుచెదరదు. రెండోది, ఏ రకం నియంత్రణ వాడుతున్నారన్నది. Scribble రకం గీతల్ని సూచనగానే తీసుకుంటుంది కనుక కొలతలు జారతాయి. MLSD తిన్నని గీతల్ని బాగా పడుతుంది గానీ కమానులను, వంపు మెట్లను వదిలేస్తుంది. Lineart గీతల్ని గట్టిగా పట్టుకుంటుంది, అయితే వాలిన పిట్టగోడను కూడా అంతే గట్టిగా పట్టుకుంటుంది. అన్నిటికంటే నమ్మకమైన దారి, పైన చెప్పిన పెట్టె మోడల్‌ను సరిచేసి, దాన్నుంచి శుభ్రమైన గీతల చిత్రం, లోతు చిత్రం తీసి వాటిని ఇవ్వడం. కొలతల పని మనిషిది, రాయీ రంగుల పని యంత్రానిది. సాదా రెండర్‌నే ఆధారంగా ఇస్తే Denoising strength సాధారణంగా 0.3, 0.4 దగ్గర ఉంచితే ఆకారాలు నిలుస్తాయి. 0.6 దాటితే మారడం మొదలవుతుంది. రాసే వివరణలో సామగ్రి, వెలుగు మాత్రమే ఉండాలి. ప్యాలెస్, లగ్జరీ మాన్షన్ లాంటి మాటలు రాస్తే ఇల్లు దానంతట అదే పెరుగుతుంది.

ఏ దారిలో వచ్చిన రెండరైనా చివరికి స్కెచ్ మీద పెట్టి చూడాల్సిందే. రెండర్‌ను సగం పారదర్శకంగా చేసి స్కాన్ మీద పరచాలి. దగ్గరి మూల పైకొన, కిందికొన, రెండు చివరల పిట్టగోడ, స్లాబ్ గీత, ద్వారం పైకమ్మీ కలవాలి. పిట్టగోడ చివర లాంటి చోట కావాలని సరిచేసిన తేడాలు తప్ప మరేవీ కనిపించకూడదు. ఆ సరిచేసినవాటిని కాగితం మీద రాసి డిజైనర్‌కు చూపించాలి. తర్వాత రెండర్‌లోనే ముందు గోడ గీతల్ని మళ్లీ పొడిగించి ఒకే బిందువులో కలుస్తున్నాయో లేదో చూడాలి. ఏఐ బొమ్మల్లో కింది అంతస్తు గీతలు ఒకచోట, పై అంతస్తు గీతలు మరోచోట కలవడం తరచూ జరుగుతుంది. అలాంటి బొమ్మ ఎంత అందంగా ఉన్నా, అలాంటి ఇంటిని కట్టడం సాధ్యం కాదు.

ఈ మొత్తం పద్ధతికి ఒక హద్దు ఉంది. నమూనా స్కెచ్‌లో దగ్గరి మూల వద్ద ఒక మిల్లీమీటరు 3 అంగుళాలు. పెన్సిల్ గీత మందమే అర మిల్లీమీటరు అయితే అక్కడ అంగుళంన్నర అనుమానం ఉన్నట్టే, దూరపు మూల దగ్గర ఇంకాస్త ఎక్కువ. కాబట్టి రెండర్ ఇంటి రూపాన్ని నిర్ణయించుకోవడానికి పనికొస్తుంది. సెంట్రింగ్ కొట్టే మేస్త్రీకి ఇవ్వవలసింది మాత్రం డైమెన్షన్లు రాసిన వర్కింగ్ డ్రాయింగే.